పసుపు బొట్టు కింద హాలీ రూపాయి

అద్దె గదిలో కూర్చుని ఆ గది ఓనరు ముఖం మీదే కాదని చెప్పడం ఎలా ఉంటుందో చెప్పినవాళ్ళకే తెలుస్తుంది. నేను చెప్పాను. ఇవాళ మళ్ళీ ఎవరైనా అడిగినా అదే చెబుతాను, అక్షరం మార్చను.

మెదక్‌లో బస్టాండు దాటాక, జిరాక్స్ సెంటరు పైన ఉండేది నా పాత పుస్తకాల దుకాణం. మెట్లు ఇరుకు. లావుగా ఉన్నవాళ్ళు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సిందే. పరీక్షలు అయిపోగానే డిగ్రీ పిల్లలు గైడ్లు తెచ్చి అమ్ముతారు, కాలేజీ తెరవగానే వాళ్ళ వెనకవాళ్ళు వచ్చి వాటినే కొంటారు. ఆ గైడ్లే నాకు అన్నం పెడతాయి. పాత తెలుగు పుస్తకాలు మాత్రం నా పిచ్చి. పెళ్ళికి ముందు మా మేనమామ ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చేదాన్ని. అప్పుడు పట్టుకున్న పిచ్చి ఇంకా వదల్లేదు, వదలాలని నేనూ అనుకోలేదు.

పుస్తకానికి ధర అడగడానికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది మొదట అనే మాట ఒకటే. "అక్కా, ఇది మస్తు పాతది." పాతదైతే ఏమిటి? ఎప్పటివో పంచాంగాలు నా దగ్గర కట్టలకొద్దీ ఉన్నాయి, ఊరికే ఇస్తానన్నా ఎవరూ తీసుకుపోరు. పుస్తకానికి ధర వయసుతో రాదు. దాన్ని కావాలనేవాడు ఉండాలి, అడిగినప్పుడు దొరక్కూడదు. పేజీలన్నీ ఉండాలి, అట్ట ఉంటే ఇంకా మంచిది. ఇక మొదటి అచ్చు అయితే దాని దారే వేరు. అయితే "ప్రథమ ముద్రణ" అని లోపల రాసి ఉన్నంత మాత్రాన అది మొదటి అచ్చు అయిపోదు. ఒక ప్రచురణకర్త నుంచి ఇంకొకరి చేతికి పోయిన పుస్తకం మీద కొత్తాయన తన మొదటి ముద్రణను లెక్కపెట్టి ప్రథమ అని వేసుకుంటాడు. కొన్ని ప్రెస్సుల్లో పాత పుస్తకం ముందు పెట్టుకుని మళ్ళీ కూర్చేటప్పుడు ఆ పేజీని ఉన్నదున్నట్టు దించేస్తారు. మా మామ ప్రెస్సులో నేనే అలా దించాను, ఎవరూ వద్దనలేదు.

మా ఓనరుది హవేలిఘనపూర్‌లో పెద్ద వ్యవసాయ కుటుంబం. వరి పొలాలున్నాయి, ఊళ్ళో వ్యాపారం ఉంది, ఎన్నికలప్పుడు ఆయన వెనక నాలుగు బండ్లు తిరుగుతాయి. మనిషి చెడ్డవాడని నేను అనను. కరెంటు పోయినప్పుడు తనే తీగ పట్టుకుని నిచ్చెనెక్కిన మనిషి. కానీ ఆయన గొప్పగా చెప్పుకునే మాట ఒకటి ఉంది. "నా నోట్లకెళ్ళి వచ్చిన మాట వాపస్ రాదు" అంటాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ తల ఊపాను, ఎందుకంటే అప్పటిదాకా ఆ మాట నా మీదికి రాలేదు.

ఒక పొద్దున ఆయన రెండు సంచులు మోయించుకుని మెట్లెక్కాడు. ఊళ్ళో పాతిల్లు కూలగొట్టి కొత్తది కడుతున్నారట.

"చెల్లే, గివి కిలోల లెక్క తీస్కో. ఇంట్ల చెదలు పడుతున్నయి."

"చూసి, వేరు చేసి ధర కడత అన్నా. మంచియి ఏమన్న ఉంటె?"

"మంచిది ఏదో నేను తీసిన. మిగిలింది చిత్తు. తూకం వెయ్యి, పైసలియ్యి."

వేశాను, ఇచ్చాను. ఆయన జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు చంకలోంచి ప్లాస్టిక్ కవరులో భద్రంగా చుట్టిన పుస్తకం తీసి, నా బల్ల మీద రెండు చేతులతో పెట్టాడు.

చూడగానే గుర్తుపట్టాను. మా వైపు మనిషే ఒకాయన నిజాం కాలంలో రాసిన నవల అది. పేరు చెప్పను, చెబితే రేపటినుంచి నాకు ఫోన్లు. సికింద్రాబాదులో చిన్న ప్రెస్సులో అచ్చయింది. ఆ రోజుల్లో కొద్ది కాపీలే వేశారని, వేసిన వాటిలో చాలావరకు ఊళ్ళలో చదివి చదివి చింపేశారని చెప్పుకుంటారు. హైదరాబాదులో ఒక రిటైర్డ్ లెక్చరరు దాని మొదటి అచ్చు కోసం ఏళ్ళ తరబడి వెతుకుతున్నాడు. ఆయన నా పాత కస్టమరు. "దొరికితే ముందు నాకు చెప్పండమ్మా, మీరు చూసి అవునంటే చాలు, నేను చూడక్కర్లేదు" అంటుండేవాడు. ఆ సంగతి మా ఓనరుకు ఎవరు చెప్పారో గానీ, ఆయన నేరుగా ఆ సారుకే ఫోను చేసేశాడు. సారు ఆదివారం వస్తానన్నాడట.

"సారు నీ మాట ఇంటడు. నువ్వు ఒక్క కాయితం మీద రాసియ్యి. 'ఇది అసలైన ప్రథమ ముద్రణ అని నేను చూసి చెబుతున్నాను' అని. కింద సంతకం పెట్టు. గంతే."

చేతులు తుడుచుకుని పుస్తకం తెరిచాను. అట్ట మెరుస్తోంది, అంచులు నలగలేదు. లోపల మొదటి పేజీ మీద ఫసలీ సంవత్సరం ఉంది. నిజాం రాజ్యంలో ఆ లెక్కే కదా నడిచింది. దాని కింద "ప్రథమ ముద్రణ" అని స్పష్టంగా ఉంది. వేలితో పేజీ వెనక తడిమితే అక్షరాల ఒత్తు తగిలింది, సీసపు అచ్చే. అంతవరకు అన్నీ బాగున్నాయి. వెల మాత్రం లోపలెక్కడా లేదు. పుస్తకం తిప్పి వెనక అట్ట చూశాను. కింద మూలకు చిన్నగా ఉంది: 75 న.పై.

నయా పైసలు.

నిజాం కాలంలో నయా పైస ఎక్కడిది? అప్పుడు మా వైపు నడిచింది నిజాం సొంత నాణెం హాలీ సిక్కా, రూపాయికి పదహారు అణాలు. నయా పైసలు స్వతంత్రం వచ్చిన ఎన్నో ఏళ్ళకు గానీ చేతికి రాలేదు. ఆ సంగతే ఓనరుకు చెప్పాను.

ఆయన తెలివైనవాడు, వెంటనే అందుకున్నాడు. "అట్ట తర్వాత ఏసిండ్రేమో. లోపల పాతదే ఉంటది. అమ్ముడుపోని పుస్తకాలకు కొత్త అట్టలు ఏస్తరు గద?"

వేస్తారు. ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే అట్టను నమ్మి తీర్పు చెప్పకూడదు. చివరి పేజీకి పోయాను. నవల ముగిసిన కాగితానికి వెనకవైపే ఆ ప్రచురణకర్త వేసిన ఇతర పుస్తకాల జాబితా ఉంది. ఒక్కొక్కదాని ఎదుట ధర, అన్నీ నయా పైసల్లోనే. అట్ట అంటే తర్వాత అతికించారు అనుకోవచ్చు. ఒకే కాగితానికి ఒకవైపు నవల, రెండోవైపు నయా పైసలు ఉంటే ఆ కాగితం ఎప్పుడు మిషనులోకి పోయిందో ఇంకెవరిని అడగాలి?

"అన్నా, ఇది తర్వాతి అచ్చు. మొదటి పేజీ మాత్రం పాతదాన్ని చూసి దించిండ్రు. దీనికీ ధర ఉన్నది, నేనే కొంట. కని మొదటిదని మాత్రం రాయను."

"అండ్ల అచ్చయ్యి ఉన్నది గద చెల్లే, ప్రథమ అని! నువ్వు కొత్తగ రాసేదేముంది?"

"అచ్చయింది వాళ్ళ మాట. నువ్వు అడిగేది నా మాట."

ఆయన ముఖం ఎర్రబడింది. కిందినుంచి జిరాక్స్ మిషను చప్పుడు ఆగింది, అంటే వాళ్ళూ చెవులు రిక్కించారన్నమాట. "గైడ్లు అమ్ముకునేదానివి, నీకేం ఎర్క?" అన్నాడు. గొంతు పెంచే అన్నాడు, కిందికి వినబడాలని. "రాస్తవా, రాయవా?"

"రాయను."

"అయితే వచ్చే నెల రూము ఖాళీ చెయ్యి."

పుస్తకం చుట్టుకుని దిగిపోయాడు. భయపడ్డాను, అబద్ధం ఎందుకు? ఆ గది నాకు గది మాత్రమే కాదు. ఇక్కడ పుస్తకాలు దొరుకుతాయని కౌడిపల్లి పిల్లలకు, శివ్వంపేట పిల్లలకు తెలుసు. ఆ మెట్లు వాళ్ళకు అలవాటు. చోటు మారితే సగం మంది నన్ను మరిచిపోతారు. గైడ్లు అమ్ముకునేదానికి గైడ్లు కొనేవాళ్ళు పోతే ఏం మిగులుతుంది? ఇంటికి పోయి చెబితే మా ఆయన అన్నం కలుపుతూ, "ఒక్క లైను రాసిస్తే ఏం పోతుండె?" అన్నాడు. నేను లేచి వంటింట్లోకి పోయాను. కోపంతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ సారు నన్ను నమ్మి, చూడకుండానే డబ్బు పంపే మనిషి. నా మాటకు ఉన్న విలువ అదొక్కటే. అది పోయాక గది ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి?

మర్నాడు ఒళ్ళుమండి సంచులు కుమ్మరించాను. పాత పాఠ్యపుస్తకాలు, వ్యవసాయ పత్రికలు, భజన కీర్తనలు, సగం చెదలు తిన్నవి. అడుగున అట్ట లేని పుస్తకం ఒకటి. వీపు మీద గుడ్డ ముక్క అతికించి, సూదీదారంతో కుట్టారు. మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. మొదటి పేజీ నిండా పసుపు, కుంకుమ. దసరాకు ఇంట్లో ఉన్న పుస్తకాలు అమ్మవారి ముందు పెట్టి బొట్టు పెడతారు కదా. చదివే పుస్తకానికే పెడతారు, బీరువాలో దాచినదానికి కాదు. ఓనరు వాళ్ళమ్మ పేరుమోసిన చదువరి అని నేను విన్నాను, ఇప్పుడు లేదు. ఏటేటా ఒకే పుస్తకానికి బొట్టు పెట్టినట్టుంది, ఒకదాని మీద ఒకటి పడి పేజీ బిరుసెక్కింది.

అదే నవల.

మొదటి పేజీ తిప్పాను. వెనకవైపు కూడా ఒక పసుపు బొట్టు, సరిగ్గా పేజీ కింది భాగంలో. కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు వంచి పట్టుకున్నాను. పసుపు కింద నల్లటి అచ్చు మెల్లగా కనబడింది. వెల: హాలీ రూ. 1-0-0.

అప్పటికీ నేను గంతులు వేయలేదు. చివరికి పోయాను. నవల ముగిసిన కాగితం వెనకవైపు ఖాళీ, జాబితా లేదు. దాని తర్వాత ఒక సన్నని చీటీ అతికించి ఉంది, తప్పొప్పుల పట్టిక. ఫలానా పేజీలో రెండు పంక్తులు తారుమారయ్యాయి, ఫలానా చోట పేజీ అంకె తప్పు పడింది, పాఠకులు మన్నించి సవరించుకోవాలి అని. ఆ పేజీలు తీసి చూస్తే తప్పులు ఉన్నచోటే ఉన్నాయి. ఎవరో ఆడమనిషి చేతిరాతతో పెన్సిలుతో ఆ పంక్తుల పక్కన ఒకటి, రెండు అని అంకెలు వేసి సరిచేసుకుంది. అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిడ పుస్తకాన్ని అలా చదివింది. చదివి చదివి అట్ట ఊడిపోతే ఇంట్లోవాళ్ళు కొత్తది తెచ్చి ఉంటారు. కొత్తదాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అందుకే అంత మెరుస్తోంది.

ఇప్పుడు ఆ పుస్తకం నాది. తూకం వేసి, డబ్బు కట్టి కొన్నాను. చిత్తు అన్నది ఆయన నోరే. నోరు మూసుకుని, ఆ సారును పక్కకు పిలిచి అమ్ముకుంటే అడిగేవాడు లేడు. నాకు ఆ ఆలోచన రాలేదని చెబితే నమ్మకండి, వచ్చింది. కానీ నన్ను గైడ్లు అమ్ముకునేది అని కిందిదాకా వినబడేట్టు అన్న మనిషి ముందు చాటుగా పని చేయడం నాకు నచ్చలేదు. నేను చెప్పేది ఏదైనా ఆయన ఎదురుగానే చెప్పాలి.

ఆదివారం సారు వచ్చాడు. పక్కన ఓనరు. సారు నేరుగా నా దగ్గరికే తీసుకురమ్మన్నాడట, ఓనరుకు కాదనే వీలు లేకపోయింది. సారు మెట్లెక్కి కాసేపు ఊపిరి తీసుకుని, ప్లాస్టిక్ కవరులోని పుస్తకం నా ముందు పెట్టాడు.

"మీరు చూశారట కదమ్మా. ఏమంటారు?"

ఓనరు అందుకున్నాడు. "ఆమెకేం ఎర్క సార్? అండ్లనే రాసి ఉన్నది, సూడుండ్రి."

నేను అట్ట లేని పుస్తకాన్ని తీసి దాని పక్కన పెట్టాను. రెండింటినీ ఒకే పేజీ దగ్గర తెరిచాను. ఓనరు పుస్తకంలో ఆ రెండు పంక్తులు సరైన వరసలో ఉన్నాయి. అట్ట లేనిదానిలో తారుమారుగా ఉన్నాయి. చీటీ చూపించాను, పసుపు బొట్టును వెలుతురుకు వంచి హాలీ రూపాయి చూపించాను, రెండోదాని వెనక నయా పైసలు చూపించాను. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అట్ట లేని పుస్తకం మీద పెట్టిన చెయ్యి మాత్రం తీయలేదు.

"గిది మా ఇంట్ల పుస్తకమే గద!" అన్నాడు ఓనరు. గొంతులో ఇప్పుడు కోపం లేదు, తొందర ఉంది. "మా అమ్మది. సంచిల పొరపాటున పోయింది. ఇటియ్యి."

నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. ఇన్నాళ్ళకు నా వంతు వచ్చింది.

"ఇస్త అన్నా. తూకానికి నేనిచ్చిన పైసలే నాకియ్యి, తీస్కపో. ఎక్కువ ఒక్క రూపాయి అడగ. కని ఇది ఎందుకు అడుగుతున్నవో సారు ముంగట చెప్పు. ఇది మొదటి అచ్చు అని నేనంటున్న. నా మాట నిజమైతే నీ చేతిలది రెండోది, నువ్వు ఫోన్ల సారుకు చెప్పింది తప్పు. నాకు ఎర్క లేదంటవా, అప్పుడు గిది నువ్వన్నట్టు చిత్తు కాయితమే. చిత్తు అడిగి ఏం చేస్తవు? రెండిట్ల ఏదో ఒకటి చెప్పు."

కింద జిరాక్స్ మిషను మళ్ళీ ఆగింది. ఆయన మెట్ల వైపు చూశాడు. నిజంగా చెబుతున్నాను, ఆ క్షణంలో ఆయన ఒక్కసారి "అవును చెల్లే, నువ్వే కరెక్టు" అని ఉంటే పుస్తకం చేతిలో పెట్టేదాన్ని. వాళ్ళమ్మ పెన్సిలు అంకెలు చూపించి మరీ ఇచ్చేదాన్ని. సారు ఎంతిస్తే అంతా ఆయనదే అయ్యేది.

"చిత్తే" అన్నాడు చివరికి. "ఉంచుకో."

సారు మర్యాదస్తుడు. ఓనరు పుస్తకానికి కూడా తర్వాతి అచ్చు కింద మంచి ధరే ఇస్తానన్నాడు. నేనూ ఆ ధర న్యాయమేనన్నాను. ఓనరు వినలేదు. ప్లాస్టిక్ కవరులో చుట్టుకున్నాడు గానీ వెంటనే వెళ్ళలేదు. బేరం ఎలా తెగుతుందో చూడాలనుకున్నాడేమో, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

అట్ట లేదు కాబట్టి అట్ట ఉంటే వచ్చే ధర రాదని సారుకు నేనే చెప్పాను. పసుపు మరక వల్ల ఇంకా తగ్గుతుందని కూడా చెప్పాను. చీటీ ఉంది, ఒక్క పేజీ పోలేదు, ఇంకో కాపీ ఎక్కడుందో నాకు తెలియదు, అదీ చెప్పాను. సారు పసుపు మీద వేలు ఆనించి, "ఇది మరక ఎట్లా అవుతుందమ్మా" అన్నాడు. ఆ ధర ఎంతో మీకు చెప్పను. వెనక సందులో ఇంకో గదికి అడ్వాన్సు కట్టడానికి సరిపోయిందని మాత్రం చెబుతాను. ఆ గదికి మెట్లు లేవు, పిల్లలు ముందుకన్నా ఎక్కువే వస్తున్నారు.

బిల్లు పుస్తకం తీశాను. సారు పేరు, పుస్తకం పేరు రాశాను. అట్ట లేదు, పసుపు కుంకుమ ఉన్నాయి, తప్పొప్పుల పట్టిక ఉంది అని రాశాను. దాని కింద, గుమ్మంలో నిలబడ్డ మనిషికి వినబడేలా, పైకి చదువుతూ ఒక్కో అక్షరం రాశాను.

"ఇది అసలైన ప్రథమ ముద్రణ అని నేను చూసి చెబుతున్నాను."

ఆయన అడిగిన వాక్యమే. సంతకం కూడా పెట్టాను.